32 అంగుళాల మానిటర్‌లో చిన్న విండోలో తెరుచుకున్న గేమ్: ఒక కేస్ స్టడీ

నేను సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపు కంప్యూటర్లు అమర్చి, రిపేర్ చేసే పనిలో ఉన్నాను. గేమ్ తెర నిండా రావడం లేదన్న ఫిర్యాదు మాకు తరచుగా వస్తుంది. చాలాసార్లు ఫోన్‌లోనే తేలిపోతుంది కూడా. ఈ కేసులో మాత్రం చిత్రాన్ని చిన్నది చేసే కారణాలు ఒకే మెషీన్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి బయటపడేది. అందుకే రాసి పెడుతున్నాను. కస్టమర్‌ను గుర్తుపట్టేలా ఉండే వివరాలు, గేమ్ పేరు తీసేశాను.

నేపథ్యం

కూకట్‌పల్లి వైపు ఒక ఇల్లు. ఇంజనీరింగ్ చదివే అబ్బాయి గేమ్‌ల కోసం పీసీ కట్టించుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకంది, 1080p మానిటర్‌తో చక్కగా నడిచేది. తర్వాత ఆ మానిటర్ తీసేసి 32 అంగుళాల 4K మానిటర్ కొన్నారు. కొన్నది గేమ్ కోసమే కాదు. పగలంతా వాళ్ల నాన్నగారు ఇంటి నుంచి అదే తెర మీద పెద్ద పెద్ద ఎక్సెల్ షీట్లతో పనిచేస్తారు. అక్షరం స్పష్టంగా కనపడాలన్నది ఆయన షరతు. పరిష్కారం ఎటు పోవాలో చివరికి నిర్ణయించింది ఈ షరతే.

ఫిర్యాదు

అబ్బాయి మాటల్లో: "అన్నా, గేమ్ ఓపెన్ చేస్తే మధ్యలో చిన్న డబ్బాలో వస్తది. ఆల్ట్ ఎంటర్ కొడితే నిండుతది గానీ మసకగా ఉంటది. మళ్లీ కొన్ని రోజులకు చిన్నగనే వస్తది."

నేను వెళ్లేలోపే రకరకాల ప్రయత్నాలు జరిగిపోయాయి. స్నేహితుడొకడు డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే 1920×1080కి దించాడు. గేమ్ కొంత పెద్దదైంది గానీ ఎక్సెల్ అక్షరాలు మసకబారి నాన్నగారు గొడవ చేశారు. ఇంకొకరు ఏదో వీడియో చూసి గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల్లో వేలు పెట్టారు, ఏం మార్చారో ఎవరికీ గుర్తులేదు. మానిటర్ అమ్మిన షాపులో అడిగితే "ప్యానెల్ ఫాల్ట్ అయ్యుంటుంది, తెచ్చి ఇవ్వండి, చూస్తాం" అన్నారట.

ప్యానెల్ ఫాల్ట్ కాదని అక్కడే తేలిపోతుంది. డెస్క్‌టాప్ తెర నిండా వస్తూ గేమ్ ఒక్కటే చిన్నగా వస్తుంటే ప్యానెల్‌కు దానితో సంబంధం లేదు.

మొదట చూసింది: చిత్రం చుట్టూ ఏముంది?

ఇలాంటి కేసులో సెట్టింగు ముట్టుకునే ముందు నేను చూసేది చిన్న చిత్రం చుట్టూ ఏముందన్నది. చుట్టూ డెస్క్‌టాప్ కనిపిస్తూ, మౌస్ బయటికి పోగలుగుతూ ఉంటే అది మామూలు విండో. అంటే గేమ్ తనంతట తానే ఆ సైజు అడిగింది. అలాకాక నాలుగు పక్కలా నల్లగా ఉండి, చిత్రం సరిగ్గా నడుమ ఉండి, మౌస్ ఆ నలుపులోకి పోకపోతే గేమ్ ఫుల్‌స్క్రీన్‌లోనే ఉంది. చిన్న చిత్రాన్ని తెర నిండా సాగదీయాల్సిన డ్రైవరో మానిటరో ఆ పని చేయడం లేదు. ఇక చిత్రం తెర నిండా ఉండి మసకగా ఉంటే, సాగదీత ఎక్కడో జరుగుతూనే ఉంది.

ఇక్కడ గేమ్ తెరవగానే పైన టైటిల్ బార్, చుట్టూ డెస్క్‌టాప్ కనిపించాయి. అంటే విండో. మరి దాని సైజు ఎంత? ఈ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. నేను ప్రింట్ స్క్రీన్ కొట్టి, ఆ బొమ్మను పెయింట్‌లో అతికించి, గేమ్ చిత్రం ఉన్నంత మేర సెలెక్ట్ చేసి చూశాను. వెడల్పు సుమారు 2050 పిక్సెళ్లు, ఎత్తు 1150 చిల్లర.

ఇది ఏ గేమ్ మెనూలోనూ ఉండే సైజు కాదు. 1920 కాదు, 2560 కాదు. అప్పుడు విండోస్ స్కేలింగ్ చూశాను. 150 శాతం ఉంది. ఆ సైజు 4K తెరకు అది మామూలే, లేకపోతే అక్షరాలు చీమల్లా ఉంటాయి. 2050ని 1.5తో భాగిస్తే 1366కు దగ్గరగా వస్తుంది, 1150ని భాగిస్తే 768కి. 1366×768 అనేది కొన్నేళ్ల కిందటి చవక లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండే తెర సైజు. ఈ పీసీకి అలాంటి తెర ఎప్పుడూ తగిలించలేదు, పాత మానిటర్ కూడా 1080p. మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న అప్పటికి పక్కన పెట్టి, ముందు 1.5 సంగతి చూద్దామనుకున్నాను.

విండోస్ మధ్యలో చేస్తున్న సాగదీత

స్కేలింగ్ 150లో ఉన్నప్పుడు, పెద్ద తెరల సంగతి తెలియదని భావించే ప్రోగ్రాముకు విండోస్ తెర అసలు సైజు 3840×2160 అని చెప్పదు. తెర 2560×1440 మాత్రమే అని చెబుతుంది (3840ని 1.5తో భాగిస్తే 2560). ప్రోగ్రాము గీసిన బొమ్మను తీసుకుని తనే ఒకటిన్నర రెట్లు సాగదీసి చూపిస్తుంది. గేమ్ మెనూ తెరిచి చూస్తే రిజల్యూషన్ జాబితా సరిగ్గా 2560×1440 దగ్గరే ఆగిపోయి ఉంది. ఆల్ట్ ఎంటర్ కొట్టినప్పుడు నిండుగా వచ్చినా మసకగా ఉండటానికి కారణం ఇదే.

దీనికి మందు ఆ గేమ్ exe ప్రాపర్టీస్‌లో, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఉంది. `Change high DPI settings` నొక్కి, `Override high DPI scaling behavior` టిక్ చేసి, కింద `Application` ఎంచుకోవాలి. అలా చేస్తే విండోస్ ఆ ప్రోగ్రాముకు అసలు పిక్సెళ్లు చూపించి, సాగదీయడం మానేస్తుంది. అక్కడే `System (Enhanced)` అని ఇంకోటి ఉంటుంది. పేరు చూసి చాలామంది అది మెరుగనుకుంటారు. అది పాత పద్ధతిలో అక్షరాలు గీసే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు పనికొస్తుంది గానీ గ్రాఫిక్స్ కార్డు మీద గీసే గేమ్‌కు కాదు.

స్నేహితుడు ఈ సెట్టింగు కూడా పెట్టే ఉన్నాడు. కానీ పనిచేయలేదు, ఎందుకంటే పెట్టింది వేరే exeకి. ఈ గేమ్ అన్‌రియల్ ఇంజిన్‌తో చేసింది. అలాంటి గేమ్‌ల ఫోల్డర్‌లో పైన కనపడే చిన్న exe తలుపు తీసేది మాత్రమే. అసలు గేమ్ లోపల `Binaries\Win64` ఫోల్డర్‌లో, పేరు చివర `-Win64-Shipping.exe` అని ఉంటుంది. సెట్టింగు దానికి పెట్టాలి. టాస్క్ మేనేజర్‌లో నడుస్తున్న గేమ్ మీద రైట్ క్లిక్ చేసి `Open file location` నొక్కితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది.

అసలు exeకి పెట్టి గేమ్ మళ్లీ తెరిస్తే విండో మునుపటికంటే చిన్నదైంది. "ఇంకా చిన్నగైంది కదన్నా!" అని అబ్బాయికి టెన్షన్. నాకు మాత్రం అది మంచి కబురు. సాగదీత ఆగిపోయి 1366 పిక్సెళ్లు 1366 పిక్సెళ్లుగానే కనపడుతున్నాయి. 3840లో 1366 అంటే వెడల్పులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, వైశాల్యంలో ఎనిమిదో వంతు. పైన వేసిన లెక్క సరైనదని అలా రుజువైంది. మెనూలో 3840×2160 కూడా ప్రత్యక్షమైంది.

ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ ప్రయత్నం

4K అంటే 1080pకి సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెళ్లు, సుమారు 83 లక్షలు. ఈ కార్డు మీద 3840×2160లో గేమ్ సెకనుకు 40 ఫ్రేములు కూడా అందుకోలేదు. కాబట్టి తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం ఎలాగూ తప్పదు. ఆ పెద్దది చేసే పని ఎవరికి అప్పగించాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

మొదట ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో 1920×1080 పెట్టి చూశాం. ఆ మోడ్‌లో గేమ్ తెరను తన చేతుల్లోకి తీసుకుని డిస్‌ప్లే మోడ్‌నే మారుస్తుంది. అప్పుడు చిన్న చిత్రాన్ని తెరకు సరిపడా చేయాల్సింది డ్రైవరో మానిటరో. పెట్టగానే చిత్రం నడుమ చిన్నగా, చుట్టూ నలుపు. పైకి చూస్తే మొదటి ఫిర్యాదు లాంటిదే, కానీ ఈసారి గుర్తులు వేరు. టైటిల్ బార్ లేదు, డెస్క్‌టాప్ లేదు, మౌస్ నలుపులోకి పోవడం లేదు. చిత్రం వెడల్పులో సగం, ఎత్తులో సగం. అంటే 32 అంగుళాల తెర మీద 16 అంగుళాల చిత్రం.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో `Adjust desktop size and position` తెరిస్తే `No scaling` ఎంచి ఉంది. వీడియో చూసి ఎవరో మార్చింది ఇదే. దాన్ని `Aspect ratio` చేసి, స్కేలింగ్ చేసే బాధ్యత GPUకి ఇస్తే చిత్రం తెర నిండా వచ్చింది.

ఈ డ్రైవర్ స్కేలింగ్ డిస్‌ప్లే మోడ్ మారినప్పుడే పనిచేస్తుంది. గేమ్ విండోలోనో, అంచులు లేని విండోను తెర నిండా పరిచే బార్డర్‌లెస్‌లోనో ఉంటే అది డెస్క్‌టాప్ మీద ఉన్న మరో విండోనే. మోడ్ 3840×2160గానే ఉంటుంది కాబట్టి డ్రైవర్‌కు సాగదీయడానికేమీ ఉండదు. అందుకే మొదటి ఫిర్యాదుకు ఈ ప్యానెల్‌లో ఏం మార్చినా ఫలితం కనపడలేదు, మార్చినవాళ్లు అలాగే వదిలేశారు. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. మానిటర్ మెనూలో వచ్చే సిగ్నల్ రిజల్యూషన్ చూసి గేమ్ ఏ మోడ్‌లో ఉందో చెప్పేయొచ్చని కొందరంటారు. స్కేలింగ్ మానిటర్ చేస్తుంటే అది నిజమే, అక్కడ 1920×1080 అని కనపడుతుంది. GPU చేస్తుంటే మాత్రం సాగదీసిన తర్వాతే తీగలోకి పంపుతుంది కాబట్టి మానిటర్ ఎప్పుడూ 3840×2160 అనే చెబుతుంది.

తెర నిండింది కదా, అక్కడితో ఆపొచ్చు. ఆపకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, గేమ్‌లోని అక్షరాలు, మ్యాపు, ప్రాణం పట్టీ కూడా 1080pలోనే గీయబడి, తర్వాత సాగదీయబడుతున్నాయి. కూర్చునే దూరం రెండడుగులు, ఆ మసక తెలుస్తూనే ఉంది. పిక్సెల్‌ను అచ్చంగా నాలుగు పిక్సెళ్లు చేసే `Integer scaling` పెడితే మసక పోతుంది గానీ అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. పాత పిక్సెల్ బొమ్మల గేమ్‌లకు బాగుంటుంది, దీనికి బాగోలేదు. రెండోది, గేమ్ మధ్యలో ఆల్ట్ ట్యాబ్ కొట్టినప్పుడల్లా మోడ్ మారి తెర నల్లబడి తేరుకోవడానికి సెకన్లు పట్టేది. నాన్నగారి ఎక్సెల్ విండోలు కూడా చిన్న డెస్క్‌టాప్‌కు సర్దుకుని, తిరిగొచ్చాక చోటు తప్పి ఉండేవి.

బార్డర్‌లెస్, లోపల రెజల్యూషన్ స్కేల్

తర్వాత ఎంచుకున్నది బార్డర్‌లెస్. డెస్క్‌టాప్ ఎంత ఉంటే అంత, అంటే 3840×2160 విండో. గేమ్ మెనూలో ఉండే రిజల్యూషన్ స్కేల్‌ను 67 శాతానికి దించాం. ఆ శాతం వెడల్పుకు, ఎత్తుకు విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి గేమ్ ప్రపంచాన్ని సుమారు 2570×1450లో గీస్తుంది, అంటే పిక్సెళ్లు సగం కంటే తక్కువ. ఫ్రేములు 60 దాటాయి. కానీ అక్షరాలు, మెనూలు పూర్తి 4Kలోనే గీయబడతాయి. చెట్టు ఆకులు కాస్త మెత్తగా కనపడితే ఎవరూ పట్టించుకోరు, చదవాల్సిన అక్షరం మసకగా ఉంటే వెంటనే కళ్లు పట్టేస్తాయి. పెద్ద తెర మీద సాగదీసే పని గేమ్‌కే అప్పగించడంలో లాభం ఇదే. ఏది సాగదీయొచ్చో, ఏది కూడదో దానికొక్కదానికే తెలుసు.

బార్డర్‌లెస్ అంటే ఆలస్యం, ఫ్రేములు తగ్గుతాయన్న పాత భయం అబ్బాయికి ఉంది. ఆ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. విండో అంటే చిత్రం ముందు విండోస్ కంపోజిటర్ దగ్గరికెళ్లి, అక్కడ మిగతా విండోలతో కలిసి, ఆ తర్వాతే తెరకెక్కాలి. ఇప్పుడు కొత్త పద్ధతిలో ఫ్రేములు అందించే గేమ్ అయితే, తెరంతా ఆక్రమించిన విండోను విండోస్ కంపోజిటర్ గుండా కాకుండా నేరుగా తెరకు పంపగలదు. విండోస్ 11లో పాత DX10, DX11 గేమ్‌లకు కూడా ఇది వర్తించేలా గ్రాఫిక్స్ సెట్టింగుల్లో `Optimizations for windowed games` ఉంది. అది ఆన్ చేశాం. ఈ గేమ్‌లో అబ్బాయికి తేడా తెలియలేదు. పోటీల్లో ఆడేవాళ్లయితే రెండూ ఆడి చూసి నిర్ణయించుకోవాలి.

మళ్లీ చిన్నదైంది

కొన్నాళ్లకు ఫోన్. "అన్నా, ఆదివారం దాకా బాగుంది. ఇయ్యాల మళ్లీ చిన్నగ వచ్చింది." ఎప్పుడో ఒకసారి, కారణం లేకుండా మారుతోందంటే, సెట్టింగుల ఫైలును వేరే ఎవరో తిరగరాస్తున్నారని అనుమానించాలి. అన్‌రియల్ గేమ్‌ల సెట్టింగులు `%LOCALAPPDATA%` కింద గేమ్ పేరున్న ఫోల్డర్‌లో, `Saved\Config` లోపల `GameUserSettings.ini` అనే ఫైలులో ఉంటాయి. తెరిపించి చదవమన్నాను.

```ini
[/Script/Engine.GameUserSettings]
ResolutionSizeX=1366
ResolutionSizeY=768
FullscreenMode=2
```

`FullscreenMode`లో 0 అంటే ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్, 1 అంటే బార్డర్‌లెస్, 2 అంటే మామూలు విండో. మళ్లీ అదే 1366×768. అప్పుడు అడిగాను: "తమ్ముడూ, ఈ గేమ్ ఇంకెక్కడన్నా ఆడతారా?"

ఆడతారు. వరంగల్‌లో హాస్టల్‌లో ఉండే చిన్నోడు పాత లాప్‌టాప్‌లో, ఇదే అకౌంట్‌తో. లాప్‌టాప్ తెర 1366×768. పక్కన వాట్సాప్ చూసుకోవడానికి వీలుగా వాడు విండో మోడ్‌లో పెట్టుకున్నాడు. ఈ గేమ్ క్లౌడ్‌కు పంపే ఫైళ్లలో ఆడిన ప్రగతితో పాటు ఈ సెట్టింగుల ఫైలు కూడా ఉంది. చిన్నోడు ఆడి మూసినప్పుడు లాప్‌టాప్ సైజు పైకి వెళ్తుంది, ఇక్కడ అన్న గేమ్ తెరిచినప్పుడు కిందికి దిగుతుంది. వాడికి పరీక్షలున్న రోజుల్లో ఇక్కడ అంతా బాగుండేది.

ఇక్కడ నా ముందు మూడు దారులున్నాయి. ఆ ఫైలును రీడ్ ఓన్లీ చేయడం చాలామంది చెప్పే చిట్కా. వద్దనుకున్నాను. అలా చేస్తే మెనూలో ఇకపై ఏం మార్చినా నిలవదు, పైగా క్లౌడ్ ఫైలుతో తగువు మొదలవుతుంది. రెండోది, లాంచ్ ఆప్షన్స్‌లో ఇది పెట్టడం.

```
-ResX=3840 -ResY=2160 -fullscreen
```

ఇది ఫైలులో ఏమున్నా దాన్ని పక్కకు నెట్టి నడుస్తుంది. కానీ మళ్లీ ఎక్స్‌క్లూజివ్‌లోకి పోతాం, పైగా రేపు విండోస్ మళ్లీ వేసినప్పుడు ఇలా ఒకటి పెట్టామని ఎవరికీ గుర్తుండదు. క్లౌడ్ పూర్తిగా ఆపడం మూడోది. అన్నదమ్ములు ఒకే ఆటను పంచుకుని ఆడుతున్నారు కాబట్టి దానికి ఇద్దరూ ఒప్పుకోలేదు.

చివరికి చేసింది వేరు. చిన్నోడిని కూడా బార్డర్‌లెస్‌కు మారమన్నాం. బార్డర్‌లెస్‌లో ఈ గేమ్ ఫైలులోని వెడల్పు, ఎత్తు అంకెలను పట్టించుకోదు, తానున్న మెషీన్ డెస్క్‌టాప్ ఎంతో అంత తీసుకుంటుంది. ఫైలులో `FullscreenMode=1` ఉంటే చాలు, అదే ఫైలు వరంగల్‌లో 1366×768గా, కూకట్‌పల్లిలో 3840×2160గా తెరుచుకుంటుంది. వాట్సాప్ సంగతంటారా, బార్డర్‌లెస్‌లో ఆల్ట్ ట్యాబ్ వెంటనే పడుతుంది కాబట్టి వాడు పేచీ పెట్టలేదు. DPI సెట్టింగు విండోస్ రిజిస్ట్రీలో ఆ మెషీన్‌కే ఉంటుంది, క్లౌడ్‌లో ప్రయాణించదు.

మరోసారి ఇలాంటిది వస్తే

నేను ఇక ముందు అడగబోయే మొదటి ప్రశ్నల్లో "ఇదే అకౌంట్‌తో వేరే మెషీన్ ఉందా?" ఒకటి. రెండో అలవాటు, చిన్న చిత్రాన్ని కొలవడం. కొలిచిన సైజును స్కేలింగ్ శాతంతో భాగిస్తే వచ్చే అంకె ఏ తెరదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. 1280×720 వస్తే అది చాలా గేమ్‌లు మొదటిసారి తెరుచుకునే సైజు, 1366×768 వస్తే ఎక్కడో ఒక లాప్‌టాప్ ఉంది.

బార్డర్‌లెస్ ప్రతి గేమ్‌లోనూ ఇలా సర్దుకోదు. కొన్నింటిలో బార్డర్‌లెస్ పెట్టి 1920×1080 ఎంచుకుంటే టైటిల్ బార్ లేని విండో 4K తెర మూలన పావు వంతులో కూర్చుంటుంది. అలాంటిదాంట్లో ముందు రిజల్యూషన్‌ను డెస్క్‌టాప్‌తో సమానం చేయాలి. లోపల రిజల్యూషన్ స్కేల్ లేని పాత గేమ్ అయితే, కార్డు 4K మోయలేనప్పుడు, ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ పెట్టి డ్రైవర్‌తో సాగదీయించడమే మంచిది. అప్పుడు `No scaling` మీద ఉందేమో చూడాలి.

ఈ కేసులో తేలనిది ఒకటుంది. రిజల్యూషన్ స్కేల్ శాతం కూడా అదే ఫైలులో `sg.ResolutionQuality` పేరుతో ఉంది, అది కూడా క్లౌడ్‌లో అటూ ఇటూ తిరుగుతోంది. ఇక్కడ 67 పెడితే లాప్‌టాప్‌లో గేమ్ 915×515 దగ్గర గీయబడి అలుక్కుపోయినట్టు కనపడుతుంది, అక్కడ 100 పెడితే ఇక్కడ ఫ్రేములు పడిపోతాయి. అకౌంట్లు వేరుచేస్తే పోతుంది గానీ గేమ్ ఇంకోసారి కొనాలి. ప్రస్తుతానికి అన్నదమ్ములు 75 దగ్గర రాజీపడ్డారు.